చివర్లో 3 లక్షలు కట్టే కార్ లోన్: నా లెక్కలో ఈఎంఐ 14,736, షోరూమ్ కాగితంలో 17,362. ఏది నిజం?

ప్రశ్న: కారు కోసం 10 లక్షల లోన్ తీసుకుంటున్నాను. వడ్డీ 9.6 శాతం, 60 నెలలు. చివర్లో 3 లక్షలు ఒకేసారి కట్టే బెలూన్ స్కీమ్ అన్నారు. ఆ 3 లక్షలు చివర్లో కడతాను కాబట్టి మిగిలిన 7 లక్షలకే ఈఎంఐ అనుకుని లెక్క వేస్తే 14,736 వచ్చింది. షోరూమ్ వాళ్ళిచ్చిన కాగితంలో 17,362 ఉంది. ఎక్కువ వేసి మోసం చేస్తున్నారా? అసలు ఈ ఈఎంఐ ఎలా లెక్కకడతారు?

మోసం కాదండి. మీ 14,736 దగ్గర లెక్క సగంలో ఆగింది. దానికి ఆ 3 లక్షల మీద ఒక నెల వడ్డీ, అంటే 2,400 కలపండి. 17,136 వస్తుంది. బెలూన్ లోన్‌కి సరైన ఈఎంఐ అదే. అక్కడి నుంచి 17,362 వరకు ఉన్న 226 రూపాయల తేడా వేరే కారణం వల్ల వచ్చింది. మీ కాగితంలో బహుశా 60 ఈఎంఐలు లేవు, 59 ఉన్నాయి. 60వ నెలలో బెలూన్ ఒక్కటే కడతారు. రెండూ వివరంగా చెప్తాను.

నేను పదహారేళ్లుగా వాహన లోన్ల పనిలోనే ఉన్నాను. మొదట ఒక ఫైనాన్స్ కంపెనీలో చేశాను, తర్వాత బ్యాంకుకి వచ్చాను. మీరు చేసిన పొరపాటే చేరిన కొత్తలో నేనూ చేశాను. ఒక కస్టమర్‌కి బెలూన్ తీసేసిన మొత్తం మీద ఈఎంఐ చెప్పి పంపించాను. మర్నాడు సిస్టమ్‌లో ఎంట్రీ చేస్తే ఎక్కువ చూపించింది. ఆయనకి ఫోన్ చేసి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అందుకే ఈ ప్రశ్న ఎవరు అడిగినా కాస్త ఓపిగ్గా చెప్తాను.

ఆ 3 లక్షలు కూడా మీ చేతిలోనే ఉన్నాయి

మన ఊళ్ళలో ప్రోనోటు రాసి అప్పు తీసుకునే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. నూటికి ఇంత అని నెల వడ్డీ మాట్లాడుకుంటారు. వడ్డీ కడుతూ ఉంటారు, అసలు మాత్రం గడువు రోజున ఒకేసారి ఇస్తారు. బెలూన్ భాగం సరిగ్గా అలాంటి అప్పే. సంవత్సరానికి 9.6 శాతం అంటే నెలకి 0.8 శాతం, మన లెక్కలో నూటికి 80 పైసల వడ్డీ. 3 లక్షలకి నెలకి 2,400.

బ్యాంకు మీ తరఫున డీలర్‌కి ఇచ్చేది 7 లక్షలు కాదు, పూర్తి 10 లక్షలు. అందులో 7 లక్షలు నెలనెలా కొంచెం కొంచెంగా తీరుతాయి. మిగతా 3 లక్షలు చివరి రోజు దాకా అలాగే ఉంటాయి కాబట్టి వాటి వడ్డీ ప్రతి నెలా పడుతుంది. అంటే ఒకే కాగితం మీద రెండు అప్పులు ఉన్నట్టు లెక్క: 7 లక్షల మామూలు ఈఎంఐ లోన్ ఒకటి, 3 లక్షల వడ్డీ మాత్రమే కట్టే అప్పు ఒకటి.

కాబట్టి పెద్ద సూత్రాలేవీ అక్కర్లేదు. ఫోన్‌లో దొరికే ఏ మామూలు ఈఎంఐ కాలిక్యులేటర్ అయినా సరిపోతుంది. అందులో లోన్ మొత్తం దగ్గర 7 లక్షలు వేయండి, వచ్చిన దానికి బెలూన్ మీద నెల వడ్డీ కలపండి. 14,736 ప్లస్ 2,400, మొత్తం 17,136. సూత్రంగా కావాలంటే ఇదీ:

```
EMI = (P - B) * r / (1 - (1 + r)^-n) + B * r
```

P అంటే లోన్ మొత్తం, B అంటే బెలూన్, r అంటే నెల వడ్డీ రేటు (మీకు 0.008), n అంటే ఎన్ని ఈఎంఐలు అన్నది.

పుస్తకాల్లో ఇంకో దారి కనిపిస్తుంది. ఐదేళ్ల తర్వాత కట్టే 3 లక్షల ఈ రోజు విలువ ఎంత అని చూస్తారు. 9.6 శాతం దగ్గర అది దాదాపు 1,85,990 అవుతుంది. దాన్ని 10 లక్షల్లోంచి తీసేసి, మిగిలిన 8,14,010కి మామూలు ఈఎంఐ వేస్తారు. చూడటానికి వేరే పద్ధతిలా ఉంటుంది గానీ వచ్చేది మళ్ళీ 17,136 మాత్రమే. మీరు 3 లక్షలు తీసేశారు, తీయాల్సింది దాని నేటి విలువ 1,85,990. తేడా అంతా అక్కడే ఉంది.

నమ్మకం కుదరాలంటే మొదటి రెండు నెలలు చేత్తో వేసి చూడండి. మొదటి నెల వడ్డీ 10 లక్షల మీద 8,000. మీరు కట్టిన 17,136లో అది పోగా 9,136 అసలుకి వెళ్తుంది. బాకీ 9,90,864 అవుతుంది. రెండో నెల దాని మీద వడ్డీ 7,927, అసలుకి 9,209, బాకీ 9,81,655. ఇలాగే వెళ్తూ 60వ నెల మొదట్లో బాకీ దాదాపు 3,14,600 ఉంటుంది. ఆ నెల ఈఎంఐలో సుమారు 2,517 వడ్డీకి, మిగతాది అసలుకి పోగా సరిగ్గా 3 లక్షలు మిగులుతాయి. ఈఎంఐని పై రూపాయికి సర్దడం వల్ల చివర్లో ఓ 35 రూపాయలు అటూ ఇటూ అవుతాయి, అది పట్టించుకోనక్కర్లేదు.

అదే మీరు అనుకున్నట్టు నెలకి 14,736 మాత్రమే కడుతూ పోతే? 3 లక్షల వడ్డీ ఎవరూ కట్టలేదు కాబట్టి అది అసలులో కలిసి, దాని మీద మళ్ళీ వడ్డీ పెరుగుతూ పోతుంది. 60 నెలలయ్యాక మిగిలే బాకీ 3 లక్షలు కాదు, దాదాపు 4,83,900.

ఎక్సెల్‌లో వేస్తే గుర్తు దగ్గర జాగ్రత్త

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్‌లో గానీ ఒక్క లైన్ చాలు:

```
=PMT(0.096/12, 60, -1000000, 300000)
```

దీనికి 17,135.54 వస్తుంది. ఇక్కడ లోన్ ముందు మైనస్ ఉంది, బెలూన్ ముందు లేదు. చాలామంది రెండింటికీ ఒకే గుర్తు పెట్టేస్తారు. అప్పుడు 24,966 చూపిస్తుంది (గుర్తుని బట్టి ముందు మైనస్ ఉండొచ్చు). అంటే చివర్లో మీరు 3 లక్షలు కట్టడం కాకుండా, బ్యాంకే మీకు 3 లక్షలు తిరిగి ఇస్తుందన్నట్టు షీట్ అర్థం చేసుకుంది. పట్టుకోవడం తేలిక. బెలూన్ లేని మామూలు లోన్‌కి ఈ రేటులో ఈఎంఐ 21,051. బెలూన్ ఉన్న ఈఎంఐ ఎప్పుడూ దానికంటే తక్కువే ఉండాలి. ఎక్కువ వచ్చిందంటే గుర్తు తప్పు.

ఇంకోవైపు కూడా ఒక హద్దు ఉంది. అసలు ఏమీ తీర్చకుండా 10 లక్షల మీద వడ్డీ మాత్రమే కడితే నెలకి 8,000. బెలూన్ ఎంత పెంచినా, లోన్ మొత్తం దాటనంతవరకు, ఈఎంఐ అంతకంటే కిందకి పోదు. మీకు ఎవరైనా చెప్పిన అంకె ఈ రెండు హద్దుల బయట ఉంటే అక్కడే ఆగి అడగండి.

ఇప్పుడు ఆ 226 రూపాయల సంగతి

"60 నెలల లోన్" అన్న మాటకి రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి, 60 ఈఎంఐలు కట్టి, 60వ ఈఎంఐతో పాటే బెలూన్ కూడా కట్టడం. ఆ ఆఖరి నెలలో మీ జేబులోంచి 3,17,136 పోతుంది. రెండోది, 59 ఈఎంఐలు కట్టి, 60వ నెలలో బెలూన్ 3 లక్షలు మాత్రమే కట్టడం. రెండో పద్ధతిలో ఒక ఈఎంఐ తగ్గింది కాబట్టి ఆ భారం మిగతా 59 నెలల మీద పడుతుంది. అప్పుడు వచ్చేది 17,362. మీ కాగితంలో ఉన్నది రూపాయి తేడా లేకుండా ఇదే, అందుకే అంత ధైర్యంగా చెప్తున్నాను. షీట్‌లో చూసుకోవాలంటే:

```
=PMT(0.096/12, 59, -1000000, 300000/(1+0.096/12))
```

చివర 1.008తో ఎందుకు భాగించామంటే, 60వ నెలలో కట్టే 3 లక్షల్లోనే ఆ ఒక్క నెల వడ్డీ కూడా ఉంది. 59వ ఈఎంఐ కట్టాక మిగిలిన బాకీ 2,97,619. దానికి నెల వడ్డీ 2,381 కలిస్తే 3 లక్షలు.

ఏ పద్ధతి మంచిదంటే, వడ్డీ రేటు ఒకటే కాబట్టి రెండింటిలో ఎవరికీ నష్టం లేదు. మీకు తెలియాల్సింది ఆఖరి నెలలో ఎంత సిద్ధంగా ఉంచుకోవాలన్నది. అందుకే షోరూమ్ కాగితం ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. బ్యాంకు నుంచి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, వాయిదాల షెడ్యూల్ అడిగి తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి ఈ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. షెడ్యూల్‌లో ఆఖరి రెండు వరుసలు చూస్తే చాలు, 59 పద్ధతా 60 పద్ధతా అన్నది తెలిసిపోతుంది. ప్రాసెసింగ్ ఫీజు లాంటివి కలిపితే నిజంగా వడ్డీ ఎంత శాతం పడుతుందో ఏపీఆర్ అన్న చోట ఉంటుంది. ఈఎంఐ చిన్నదిగా కనిపిస్తున్నప్పుడు ఆ అంకె చూడటం ఇంకా అవసరం.

అడగాల్సింది ఇంకొకటి ఉంది. బెలూన్ "30 శాతం" అంటే దేంట్లో 30 శాతం? మీకు లోన్‌లో 30 శాతం కాబట్టి 3 లక్షలైంది. కొన్ని స్కీముల్లో కారు ధర మీద వేస్తారు. కారు 12 లక్షలైతే బెలూన్ 3,60,000 అవుతుంది, ఈఎంఐ 16,352కి దిగుతుంది. నెలకి దాదాపు 784 తగ్గిందని సంతోషించేలోపు చివర్లో కట్టాల్సింది 60 వేలు పెరిగింది. ఇద్దరు డీలర్ల ఈఎంఐలు పోల్చేటప్పుడు ముందు బెలూన్ రూపాయల్లో ఎంతో రాయించుకోండి, ఆ తర్వాతే ఈఎంఐ చూడండి.

ఈ తక్కువ ఈఎంఐకి మీరు ఇచ్చే ధర

మామూలు లోన్ అయితే నెలకి 21,051. బెలూన్‌తో 17,136. నెలకి 3,915 మిగులుతుంది, ఐదేళ్లలో దాదాపు 2,34,900. చివర్లో కట్టేది 3,00,000. మధ్యలో ఉన్న 65 వేల చిల్లర మీరు అదనంగా కట్టే వడ్డీ. మొత్తం వడ్డీ చూస్తే మామూలు లోన్‌లో 2,63,000 దగ్గర, బెలూన్ లోన్‌లో 3,28,000 దగ్గర ఉంటుంది. ఇందులో దాచిన చార్జీ ఏదీ లేదు. 3 లక్షలు ఐదేళ్ల పాటు తీర్చకుండా వాడుకున్నారు, దానికి వడ్డీ కట్టారు.

కొందరు ఆ మిగిలిన 3,915ని రికరింగ్ డిపాజిట్‌లో వేస్తాం, బెలూన్ దానంతట అదే తయారవుతుంది అంటారు. ఆ డిపాజిట్‌కి కూడా 9.6 శాతం వస్తేనే సరిగ్గా 3 లక్షలవుతుంది. 6.5 శాతం వచ్చే డిపాజిట్‌లో వేస్తే ఐదేళ్లకి సుమారు 2,77,000 వస్తుంది, అది కూడా పన్ను లెక్క చూడకముందు. ఇంకో 23 వేలు చేతి నుంచి వేసుకోవాలి. అయినా ఆ డిపాజిట్ నిజంగా కట్టినవాళ్ళకి ఆఖర్లో టెన్షన్ ఉండదు. నేను చూసిన ఇబ్బందులన్నీ మిగిలిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోయిన వాళ్ళవే.

అంతకంటే పెద్ద చిక్కు మధ్యలో కారు అమ్మాలనుకున్నప్పుడు వస్తుంది. మూడేళ్లు సక్రమంగా కట్టాక మామూలు లోన్‌లో బాకీ 4,58,000 దగ్గర ఉంటుంది. బెలూన్ లోన్‌లో 6,20,600. నా దగ్గరికి వచ్చిన ఒక ఉద్యోగి సరిగ్గా ఈ దశలో బెంగళూరు బదిలీ అయ్యి కారు అమ్ముదామని చూశాడు. పాత కార్ల వ్యాపారి చెప్పిన ధర లోన్ బాకీ కంటే 70 వేలు తక్కువ. బాకీ తీరితే గానీ బ్యాంకు ఎన్‌ఓసీ ఇవ్వదు, అది లేకుండా ఆర్‌సీ మీద హైపోథికేషన్, అంటే బ్యాంకు పేరు, పోదు, అది పోకుండా కొనేవాడు డబ్బివ్వడు. చివరికి పీఎఫ్‌లోంచి డబ్బు తీసి తేడా కట్టాడు. పైగా అతనిది ఫిక్స్‌డ్ రేటు లోన్, ముందుగా మూసినందుకు చార్జీ కూడా పడింది. రెండు మూడేళ్లలో కారు మార్చే అలవాటుంటే మీ అగ్రిమెంట్‌లో ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంతో ఇప్పుడే చదవండి.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు కొందరు "మాకిక్కడ చివర్లో కారు తిరిగిచ్చేస్తే సరిపోతుంది కదా" అంటుంటారు. అక్కడ పీసీపీ అనే పద్ధతిలో ఆఖరి మొత్తానికి కారు విలువను కంపెనీయే ముందుగా గ్యారంటీ ఇస్తుంది, షరతులకి లోబడి కారు వదిలేసి వెళ్లొచ్చు. మీరు చెప్పినది మామూలు బెలూన్ లోన్. తిరిగి కొంటామన్న హామీ అగ్రిమెంట్‌లో రాసి ఉంటే తప్ప, కారు ధర ఎంతకి పడిపోయినా 3 లక్షలు మీరే కట్టాలి.

ఎవరికి నప్పుతుంది

60వ నెల చుట్టుపక్కల ఖచ్చితంగా వచ్చే డబ్బు ఉన్నవాళ్ళకి నేను ఇది వద్దని చెప్పను. ఎల్‌ఐసీ పాలసీ మెచ్యూరిటీ, అప్పటికి ముగిసే చిట్టీ, రిటైర్‌మెంట్ డబ్బు లాంటివి. ఒక టీచరమ్మ గారు తన పాలసీ మెచ్యూరిటీ తేదీకి రెండు నెలల తర్వాత బెలూన్ పడేలా 54 నెలలకి లోన్ పెట్టించుకున్నారు. ఎన్ని నెలలకైనా లెక్క అదే కాబట్టి ఈఎంఐ మార్చి వేయడం మాకు ఐదు నిమిషాల పని. అలా డబ్బు వచ్చే తేదీని ముందు పెట్టుకుని కాలపరిమితి నిర్ణయించడం మంచి పద్ధతి. మీకు అలాంటి డబ్బు ఏదీ కనిపించకపోతే, 17,136 కట్టగలిగి 21,051 కట్టలేని పరిస్థితి అయితే, బెలూన్ కంటే లోన్ తగ్గించుకోవడం గానీ చిన్న కారు చూసుకోవడం గానీ మేలని నా అభిప్రాయం. "అప్పటికి మళ్ళీ లోన్ పెట్టుకుంటాలే" అనే మాట మీద ఆధారపడొద్దు. అప్పటికి అది ఐదేళ్ల పాత కారు. పాత కార్ల మీద ఇచ్చే లోన్‌కి మామూలుగా వడ్డీ కొత్త కారు కంటే ఎక్కువే ఉంటుంది, ఇస్తారన్న హామీ కూడా లేదు.

ఇంకో విషయం, ఇది లెక్కకి సంబంధించింది కాదు గానీ దీనివల్లే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఈఎంఐలకి మీరు బ్యాంకుకిచ్చే ఆటో డెబిట్ మాండేట్‌లో గరిష్ఠ మొత్తం ఎంత రాశారో చూడండి. అది ఈఎంఐకి సరిపడా మాత్రమే ఉంటే బెలూన్ దానంతట అది కట్ అవదు. పాత కంపెనీలో ఒకాయన ఆఖరి ఈఎంఐ కట్ అయిన మెసేజ్ చూసి లోన్ అయిపోయిందనుకున్నారు. బెలూన్ సంగతి సంతకం పెట్టిన రోజు విన్నదే, ఐదేళ్లలో మరిచిపోయారు. ఆయన ఫోన్ నంబర్ కూడా మారింది, మా రిమైండర్లు అందలేదు. రెండు నెలల తర్వాత ఎన్‌ఓసీ కోసం వస్తే ఆలస్యపు చార్జీలతో సహా బాకీ చూపించాం. సిబిల్‌లో కూడా ఆలస్యం నమోదైపోయింది. ఆయన దగ్గర డబ్బు ఉంది, కేవలం తేదీ తెలియలేదు.

కాబట్టి షోరూమ్‌కి మళ్ళీ వెళ్ళినప్పుడు ఈ నాలుగూ అడిగి కాగితం మీద రాయించుకోండి: ఈఎంఐలు 59 ఉన్నాయా 60 ఉన్నాయా, బెలూన్ ఖచ్చితంగా ఏ తేదీన, ఆ మొత్తం మాండేట్‌లో కట్ అవుతుందా విడిగా కట్టాలా, మధ్యలో కొంత మొత్తం ముందుగా కడితే అది బెలూన్‌లో తగ్గిస్తారా ఈఎంఐలో తగ్గిస్తారా. ఈ చివరిదానికి ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. బెలూన్ కట్టాక ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 తీసుకుని ఆర్టీవోలో ఇస్తేనే ఆర్‌సీ మీద బ్యాంకు పేరు పోతుంది. షెడ్యూల్ చేతికొచ్చాక ఆఖరి రెండు వరుసలు ఇక్కడ పెట్టండి, 17,362 ఏ పద్ధతిలో వేశారో చూసి చెప్తాను.